ర్యాంకర్ నవ్వుకు సంతకం ఉందా?

ఫలితాలు వచ్చిన రోజు కోచింగ్ సెంటర్ల ముందు హడావుడి తెలిసిందే. స్వీట్లు, దండలు, డప్పులు, మధ్యలో ఓ కెమెరా. ఆ కెమెరా వెనక ఉండేది చాలాసార్లు మనలాంటి వాళ్లే. డిగ్రీ చదువుతూనో, ఉద్యోగం వెతుక్కుంటూనో, వీడియోకి ఇంత అని మాట్లాడుకుని వెళ్లినవాళ్లు. సాయంత్రానికి ఎడిట్ చేసి పంపితే, రాత్రికల్లా సెంటర్ వాళ్లు దాన్ని డబ్బు పెట్టి ప్రమోట్ చేస్తారు. అందులో కనిపించిన వాళ్లలో ఎంతమంది కాగితం మీద ఒప్పుకున్నారని అడిగి చూడండి. ‘కెమెరా చూసి నవ్వారుగా, ఇంకేం కావాలి?’ అంటారు.

ఇంకా చాలా కావాలి. కెమెరా ముందు నిలబడటానికి ఒప్పుకోవడం వేరు, తన ముఖంతో ఒక వ్యాపారం సీట్లు అమ్ముకోవడానికి ఒప్పుకోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే ఏమవుతుందో 2007 నాటి వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా ప్రకటన చూపించింది. అమెరికాలోని టెక్సస్‌కు చెందిన ఒక మైనర్ అమ్మాయి ఫొటోను తెలిసినాయన తీసి ఫ్లికర్‌లో పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్స్ కూడా ఇచ్చాడు. కంపెనీ దాన్ని తీసుకుని, ఆమెను ఎగతాళి చేసేలా ఒక వాక్యం జోడించి, ఆస్ట్రేలియాలో ప్రకటనగా పెట్టింది. ఫొటో తీసినవాడి అనుమతి ఉంది, ఫొటోలో ఉన్న అమ్మాయి అనుమతి లేదు. కుటుంబం కోర్టుకెళ్లినా, ఆస్ట్రేలియా కంపెనీ మీద టెక్సస్‌లో విచారణ కుదరదని కేసు కొట్టేశారు. అంటే ఆమె అనుమతి లేకుండా వాడటం సరైనదా కాదా అన్న ప్రశ్న దాకా కేసు వెళ్లనే లేదు. నష్టం జరిగాక కోర్టుల చుట్టూ తిరగడం కంటే ముందే ఒక పేజీ రాయించుకోవడం ఎంత తేలికో చూడండి.

మన దగ్గర కోచింగ్ ప్రకటనలకు ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి పేరు, ఫొటో, వీడియో, మాటలు రాతపూర్వక అనుమతి లేకుండా ప్రకటనలో వాడకూడదు. ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ అనుమతి ఫలితం వచ్చిన తర్వాతే తీసుకోవాలి. అడ్మిషన్ రోజున ఫీజు కాగితాల మధ్య పెట్టించుకున్న సంతకం ఇక్కడ పనికిరాదు. ఆ రోజు సీటు కావాలన్న ఆత్రంలో ఎవరైనా ఎక్కడైనా సంతకం పెడతారు. అందుకే ఆ నియమం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న సెంటర్ మీకు 60 సెకన్ల ఫలితాల వీడియో పని ఇచ్చింది. అందులో నలుగురు కనిపిస్తారు. 17 ఏళ్ల ర్యాంకర్ అమ్మాయి, పక్కన వాళ్లమ్మ, ఎనిమిదేళ్ల తమ్ముడు, ‘ఈ అమ్మాయి రోజూ మా బండి దగ్గరే టిఫిన్ తినేది’ అని చెప్పే ఎదురు బండాయన.

మొదట ర్యాంకర్. తెలివైన పిల్ల, ఫారం తనే చదివి సంతకం పెట్టగలదు. కానీ మన కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు ఒప్పందం చేసుకోలేరు. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కాబట్టి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఊరి నుంచి తోడొచ్చిన బాబాయ్ సంతకం చాలదు. అయినా ఆ అమ్మాయి సంతకం కూడా దాని కిందే తీసుకోవాలంటాను. చట్టం కోసం కాదు. రేపు కాలేజీలో ఆ వీడియో చూసి ఎవరైనా ఆటపట్టిస్తే పడేది తనే కాబట్టి.

వాళ్లమ్మకు తన తరఫున మరో ఫారం. కూతురి కోసం పెట్టిన సంతకం ఆమె సొంత ముఖానికి వర్తించదు. తమ్ముడికి కూడా వాళ్లమ్మే సంతకం పెడుతుంది, కానీ ఇక్కడ ఇంకో గీత ఉంది. వాడు అక్కను చూసి సహజంగా గెంతితే ఒక సంగతి. మీరు స్క్రిప్టు రాసి, డైలాగ్ నేర్పి, మధ్యాహ్నమంతా టేకులు తీయిస్తే వాడు ప్రకటనలో పనిచేస్తున్న బాల కళాకారుడు అవుతాడు. 14 ఏళ్లలోపు పిల్లలకు బాల కార్మిక నిబంధనల ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, మూడు గంటలకు మించి విరామం లేకుండా చేయించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లాడి పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అమ్మ సంతకంతో ఇవేవీ తీరవు. ఇవన్నీ చేయలేకపోతే ఆ సీను రాయకండి.

ఇక బండాయన. ‘తీసుకో తమ్ముడూ’ అనేశాడు. కానీ ఆయన అనుకున్నది మీ ఫోన్లో ఒక వీడియో. మీరు చేయబోయేది ఊరంతా తిరిగే ప్రకటన. ఆ తేడా ఆయనకు అర్థమయ్యే తెలుగులో కాగితం మీద ఉండాలి, చదవలేకపోతే పక్కన ఇంకొకరుండగా చదివి వినిపించాలి.

ఆ కాగితంలో ఏముండాలి? ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లిష్ ఫారాల్లో సాధారణంగా ఒకే మాట ఉంటుంది: ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా వాడుకోవచ్చని. దాన్ని యథాతథంగా వాడటం తప్పని నా అభిప్రాయం. ఒక పేజీ చాలు. ఏ రోజు, ఎక్కడ తీసిన వీడియో. ఎవరి ప్రకటన కోసం. ఎక్కడ వాడతారు: సెంటర్ ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మాత్రమేనా, హోర్డింగ్ కూడానా. ఎంతకాలం: ఒక సంవత్సరం అనుకోండి. మాటల అర్థం మార్చమని, వేరే సంస్థకు ఇవ్వమని ఒక వాక్యం. తీసేయమని అడగడానికి ఒక ఫోన్ నంబరు, ఎన్ని రోజుల్లో తీసేస్తారో. చివరగా డబ్బు. ప్రతిఫలం లేని ఒప్పందం సాధారణంగా చెల్లదు కాబట్టి, బండాయనకు రూ.500 ఇస్తే అది ముట్టినట్టు అక్కడే రాయండి.

సెంటర్ వాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు: ‘ఖర్చు పెట్టి తీశాక మధ్యలో తీసేయమంటే ఎలా?’ న్యాయమైన ప్రశ్నే. అందుకే గడువు రాసుకోవడం. హోర్డింగ్ ముద్రించి ఉంటే గడువు దాకా ఉంచొచ్చు, ఆన్‌లైన్ వీడియో మాత్రం అడిగితే తీయాలి అని విడివిడిగా రాసుకోవచ్చు. అసలు చిక్కు వచ్చేది రెండో ఏడాదే. అదే క్లిప్ కొత్త బ్యాచ్ ప్రకటనలోకి వస్తుంది, ఆ అమ్మాయి తీసుకోని కోర్సు పేరు కింద కనిపిస్తుంది. గడువు, వాడకం రాసుకున్న ఫారం ఉంటే ‘ఇది ఇంతవరకే’ అని చూపించొచ్చు. శాశ్వతం అని రాస్తే ఆ దారి మూసుకున్నట్టే.

షూట్ అయ్యాక ఇంకో చిన్న పని. ఫారాన్ని, సంతకం పెట్టినవాళ్లు దాన్ని పట్టుకున్న ఫొటోను క్లిప్ నంబరుతోనే సేవ్ చేయండి: `C07.mp4` కి `C07_release.pdf`. ఎడిట్ పూర్తయ్యాక గుర్తుపట్టేలా కనిపించే ప్రతి ముఖానికీ జత ఫైలు ఉందా చూసుకోండి. జత లేని ముఖాన్ని బ్లర్ చేయండి, లేదా ఆ షాట్ తీసేయండి.

అనుమతులు తేవడం సెంటర్ బాధ్యతే అనుకోవచ్చు. కానీ ఎవరూ తేకపోతే గొడవ రోజున ముందు ఫోన్ మోగేది వీడియో తీసినవాడికే. కాబట్టి రేటు చెప్పే మెసేజ్‌లోనే ఒక లైన్ పెట్టండి: ‘ఫారాలు మీరు తెస్తారా, నేను తేవాలా? నేను తెస్తే దానికి ఇంత అదనం.’ జవాబు వచ్చాకే కెమెరా బయటికి తీయండి.