రెండు కార్యాలయాల మధ్య శరణార్థి

సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు హైదరాబాద్‌కు కొత్త కాదు. టోలిచౌకిలోని పారామౌంట్ కాలనీ వీధుల్లో వాళ్లు అద్దె ఇళ్లలో ఉంటూ డిగ్రీలు పూర్తిచేసుకుని వెళ్లిపోతుంటారు. అయితే 2023 ఏప్రిల్ 15న సూడాన్ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. చదువు ముగిస్తే తిరిగి వెళ్లడానికి ఇల్లు లేని పరిస్థితి ఒక్కసారిగా వచ్చిపడింది. సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాడే శరణార్థి అని మనం అనుకుంటాం. చట్టబద్ధంగా విమానం దిగి, వీసా ముద్ర వేయించుకున్నవాడు కూడా తాను వచ్చాక స్వదేశం మారిపోతే శరణార్థి కావచ్చు. అంతర్జాతీయ శరణార్థి న్యాయం దీన్ని స్పష్టంగా అంగీకరిస్తుంది.

చిక్కల్లా మన దేశంలో ఆ అంగీకారం ఎవరి దగ్గర దొరుకుతుందన్నదే. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్ల, శ్రీలంక తమిళుల సంగతి కేంద్ర ప్రభుత్వమే చూస్తుంది. మిగతా దేశాలవాళ్లలో ఎక్కువమంది ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ తలుపు తట్టాలి. అదే సమయంలో వీసా, నివాస అనుమతి, దేశ బహిష్కరణ అన్నీ కేంద్ర హోంశాఖ కింద పనిచేసే విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం, అంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌వో చేతిలో ఉంటాయి. భయం నిజమో కాదో తేల్చేది ఒక కార్యాలయం, ఇక్కడ ఉండనివ్వాలో లేదో తేల్చేది మరొకటి. ఒకదాన్ని నమ్ముకుని రెండోదాన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

ఇది ఎలా జరుగుతుందో చూడటానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. పశ్చిమ దార్ఫుర్ రాజధాని అల్ జెనీనాకు చెందిన యువకుడు 2022లో స్టూడెంట్ వీసాపై హైదరాబాద్ వచ్చాడనుకోండి. అతనిది మసాలిత్ తెగ. 2023లో అల్ జెనీనాలో మసాలిత్‌లను ఏరి ఏరి చంపారు. ఆ దాడులను బహిరంగంగా ఖండించిన పశ్చిమ దార్ఫుర్ గవర్నర్ ఖమీస్ అబకర్‌ను అదే ఏడాది జూన్ 14న హతమార్చారు. యువకుడి కుటుంబం సరిహద్దు దాటి చాద్ వెళ్లిపోయింది. చదువు ముగియబోతోంది, వీసా గడువు దగ్గరపడుతోంది.

అతను శరణార్థి అవుతాడా? యుద్ధం జరుగుతోందన్న ఒక్క మాట 1951 నిర్వచనానికి సరిపోదు. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదింటిలో ఏదో ఒక కారణం వల్ల తనను వేధిస్తారన్న భయం ఉండాలి. ఆ భయానికి బలమైన ఆధారం కావాలి. స్వదేశ ప్రభుత్వం తనను కాపాడలేని స్థితిలోనో, కాపాడటానికి ఇష్టపడని స్థితిలోనో ఉండాలి. మసాలిత్ అయినందుకే చంపుతున్నారు కాబట్టి ఈ యువకుడి విషయంలో కారణం జాతి. చంపుతున్నది ప్రభుత్వం కాకపోయినా, కాపాడే శక్తి ప్రభుత్వానికి లేకపోతే చాలు. ఈ ఐదు కారణాల్లో ఇమడనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. విచక్షణారహిత హింస వల్ల ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉన్నవారిని యూఎన్‌హెచ్‌సీఆర్ తన విస్తృత పరిధిలో శరణార్థులుగా గుర్తించగలదు. యుద్ధ నేరాలకు, మానవత్వంపై నేరాలకు పాల్పడినవాళ్లకు మాత్రం ఏ దారిలోనూ రక్షణ దొరకదు.

ఇంటర్వ్యూ అధికారి అడిగే గట్టి ప్రశ్న మరొకటి ఉంటుంది. సైన్యం చేతిలో ఉన్న పోర్ట్ సూడాన్‌కు ఎందుకు వెళ్లకూడదు? 2025 మార్చిలో సైన్యం తిరిగి స్వాధీనం చేసుకున్న ఖార్తూమ్‌కు ఎందుకు వెళ్లకూడదు? దీనికి సాధారణ కబుర్లతో జవాబు చెప్పలేం. అక్కడ తనకు బంధువులు ఉన్నారా, దార్ఫుర్‌వాళ్లను అక్కడ ఎలా చూస్తున్నారు, దారిలో ఎవరి తనిఖీ కేంద్రాలు దాటాలి అన్న వివరాలు కావాలి.

సాక్ష్యం అనగానే ముద్రలున్న కాగితాలు గుర్తొస్తాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడినవాళ్ల దగ్గర అవి ఉండవని శరణార్థి న్యాయానికి తెలుసు. అందుకే దరఖాస్తుదారు నోటి మాటే ప్రధాన సాక్ష్యం. అది పొంతన కుదిరి, ఆ దేశం గురించి తెలిసిన వాస్తవాలతో సరిపోతే, కాగితం లేని చోట సంశయ లాభం అతనికే ఇవ్వాలన్నది యూఎన్‌హెచ్‌సీఆర్ మార్గదర్శక సూత్రం. దీనివల్లే మొదటి నమోదు ఫారంలో రాసిన మాటకు అంత బరువు. తమ్ముడు జూన్‌లో చనిపోయాడని ఫారంలో రాసి, నెలల తర్వాత ఇంటర్వ్యూలో ఆగస్టు అంటే అధికారి ఆ తేడా దగ్గరే ఆగిపోతాడు. తేదీ గుర్తులేనప్పుడు గుర్తులేదని చెప్పడం, పండగకు ముందో తర్వాతో అని ఆనవాలు ఇవ్వడం ఊహించి అంకె రాయడం కన్నా ఎంతో మేలు. తెలియని భాషలో తలూపడం కన్నా దుబాసీ కావాలని అడగడం మేలు. ఇంటర్వ్యూ చేసే అధికారి మహిళ కావాలని అడిగే హక్కు కూడా ఉంది.

మన యువకుడి దగ్గర ఉండే సాక్ష్యం ఇలా ఉంటుంది. పుట్టిన ఊరు అల్ జెనీనా అని చూపే పాస్‌పోర్టు. మసాలిత్ భాష మాట్లాడగలగడం. దాడి రోజుల్లో అక్క పంపిన వాయిస్ మెసేజ్‌లు, వాటిని వేరే ఫోన్‌లోకి ఎక్కించి దాచుకున్న కాపీలు. చాద్ శిబిరంలో కుటుంబం పేరు నమోదైన కాగితం ఫొటో. వీటికి తోడు తను స్వయంగా రాసిన రెండు మూడు పేజీల కథనం ఉంటే కేసు నిలబడుతుంది. ఒక్క నకిలీ కాగితం చేరిస్తే మాత్రం నిజమైన కాగితాల మీద కూడా అనుమానం పడుతుంది. నమోదుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, కార్డుకు గానీ యూఎన్‌హెచ్‌సీఆర్ పైసా తీసుకోదు. డబ్బిస్తే కార్డు ఇప్పిస్తానన్నవాడు మోసగాడు.

ఇక గడువుల సంగతి. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు అసైలం దరఖాస్తు వేయాలన్న నియమం అక్కడి తెలుగువాళ్లలో చాలామంది విన్నదే. యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గర మొదటి దరఖాస్తుకు అలాంటి కాలపరిమితి లేదు, కానీ ఆలస్యం ఎందుకైందన్న ప్రశ్న మాత్రం వస్తుంది. దరఖాస్తు తిరస్కరించినప్పుడు అప్పీలుకు ముప్పై రోజుల గడువు మొదలవుతుంది. తిరస్కరణ లేఖలో రాసిన కారణాలకు ఒక్కోదానికి జవాబిస్తూ అప్పీలు రాయాలి. దాన్ని మొదటి నిర్ణయం తీసుకోని వేరే అధికారి చూస్తారు. పాత కథనే మళ్లీ రాసి పంపితే ఆ అవకాశం వృథా అవుతుంది.

అసలు ప్రమాదం రెండో కార్యాలయం గడువుల్లో ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత విదేశీయుల చట్టం స్థానంలో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 అమల్లోకి వచ్చింది. వీసా గడువు దాటి ఉంటే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వచ్చినవారికైతే జైలు ఐదేళ్ల దాకా, జరిమానా ఐదు లక్షల దాకా ఉంటుంది. యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు చూపిస్తే ఈ సెక్షన్లు ఆగిపోతాయన్న హామీ ఆ చట్టంలో లేదు. కాబట్టి ఆ యువకుడు వీసా ముగియక ముందే పొడిగింపుకు దరఖాస్తు వేయాలి. తాను శరణార్థినని ఎఫ్‌ఆర్‌ఆర్‌వోకు రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు తీసుకోవాలి.

ఆ రాతకు ఒక ఆధారం ఉంది. శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల విషయంలో ఏం చేయాలో కేంద్ర హోంశాఖ 2011 డిసెంబరులో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. భయం ప్రాథమికంగా నిజమనిపిస్తే దీర్ఘకాలిక వీసా కోసం ముప్పై రోజుల్లో హోంశాఖకు సిఫార్సు చేయాలని అందులో ఉంది. ఆ వీసా దొరికితే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. కానీ ఇవి మార్గదర్శకాలే, చట్టం కాదు. అడగనివారి విషయంలో ఆ ముప్పై రోజుల లెక్క మొదలే కాదు.

కోర్టుల వైఖరీ ఒకేలా లేదు. 2021 మే నెలలో మణిపుర్ హైకోర్టు మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురిని ఢిల్లీ యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గరికి సురక్షితంగా వెళ్లనివ్వాలని ఆదేశించింది. ప్రాణహాని ఉన్న చోటికి తిప్పి పంపకూడదన్న సూత్రాన్ని రాజ్యాంగంలోని 21వ అధికరణంలో చూసింది. అంతకు నెల ముందే రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు మరోలా చెప్పింది. 14, 21 అధికరణాలు పౌరులు కానివారికీ వర్తిస్తాయంటూనే, బహిష్కరణకు గురికాకుండా ఉండే హక్కు పౌరులకే పరిమితమని, అయితే నిర్దేశిత పద్ధతి పాటించకుండా ఎవరినీ పంపకూడదని పేర్కొంది. అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కాపాడేది చాలాసార్లు ఆ పద్ధతి ఒక్కటే. పద్ధతి పాటించలేదని కోర్టులో చూపాలంటే లాయరు కావాలి.

ఆ లాయరు ఉచితంగా దొరుకుతాడన్నది చాలామందికి తెలియని విషయం. 1987 న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ పౌరుడు అనలేదు, ప్రతి వ్యక్తీ అంది. కస్టడీలో ఉన్నవారు, మహిళలు, పిల్లలు ఆదాయ పరిమితితో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. బాలాపూర్ రోహింగ్యాల మధ్య ఏళ్లుగా పనిచేస్తున్న కోవా సంస్థ హైదరాబాద్‌లో యూఎన్‌హెచ్‌సీఆర్‌కు భాగస్వామిగా ఉంటూ వచ్చింది. కోర్టు కేసుల్లో హ్యూమన్ రైట్స్ లా నెట్‌వర్క్, శరణార్థి ఇంటర్వ్యూలు, అప్పీళ్లలో ఢిల్లీలోని మైగ్రేషన్ అండ్ అసైలం ప్రాజెక్ట్ వంటి సంస్థలకు అనుభవముంది.

శరణార్థుల చట్టం వచ్చేదాకా ఆగకుండా తెలంగాణలోనే చేయగల పనులు రెండున్నాయి. విదేశీయులపై కేసు నమోదైన రోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు సమాచారం ఇవ్వాలని పోలీసుశాఖ ఆదేశాలివ్వాలి. తొలి రిమాండ్ వేళకే ప్యానెల్ లాయరు వచ్చి, ఈ వ్యక్తి శరణార్థినంటున్నాడా అని అడిగి ఆ జవాబును రికార్డులో చేర్చగలిగితే 2011 మార్గదర్శకాలు కాగితం దాటి కదులుతాయి. రెండోది, రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో కొద్దిమంది ప్యానెల్ లాయర్లకు శరణార్థి నిర్వచనంలో, అప్పీలు రాయడంలో శిక్షణ ఇప్పించి, అరబిక్, రోహింగ్యా భాషల దుబాసీల జాబితా ఒకటి సిద్ధంగా ఉంచాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఇచ్చే 12వ సెక్షన్ దశాబ్దాలుగా అమల్లోనే ఉంది.