పేము కుర్చీ కుంగిందా? ముందు గ్లాసుడు నీళ్లు తెండి!

వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని మనలో చాలామంది రోజుకు ఎనిమిది గంటలు డైనింగ్ కుర్చీలోనే గడిపేస్తున్నాం. అది పేము అల్లిక కుర్చీ అయితే కొన్నాళ్లకు సీటు మధ్యలో గుంట పడుతుంది. ‘పోయింది’ అనుకుని బాల్కనీలో పడేయకండి. చాలాసార్లు అది పాడవదు, సాగుతుందంతే.

పేము తాటి కుటుంబానికి చెందిన తీగ. వెదురులా లోపల బోలుగా ఉండదు. దాని పైతొక్కను సన్నటి పట్టీలుగా చీల్చి సీటు అల్లుతారు. పట్టీకి పైవైపు నునుపుగా ఉంటుంది, అటు నీరు పెద్దగా ఇంకదు. అడుగువైపు గరుకుగా ఉంటుంది, అటు చక్కగా ఇంకుతుంది. తడిస్తే పట్టీ మెత్తబడుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. నులక మంచం వదులైతే కాళ్లవైపు తాడు లాగి బిగిస్తాం కదా, ఇక్కడ ఆ పని నీళ్లే చేసిపెడతాయి.

మా ఫ్లాట్‌లో కుర్చీకి ఇలాగే చేశాను. సీటు మీద అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే మధ్యలో గుంట రెండు సెంటీమీటర్లుంది. కుర్చీని తిరగేసి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను అడుగువైపు పరిచి అరగంట ఉంచాను. తర్వాత నీడలో, ఫ్యాన్ కింద ఒక రోజంతా ఆరనిచ్చాను. అప్పటిదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. తడి ఉండగా కూర్చుంటే ఇంకా సాగుతుంది మరి! మర్నాడు చూస్తే గుంట అర సెంటీమీటరే.

ఒక్క జాగ్రత్త. ఫ్రేమ్ చుట్టూ వరసగా రంధ్రాలుండి, వాటిలోంచి పట్టీలు దూరి ఉంటే అది చేత్తో అల్లింది. రంధ్రాలు లేకుండా అంచున గాడి, అందులో సన్నటి పుల్ల కనిపిస్తే అది రెడీమేడ్ షీట్, జిగురుతో అతికించింది. ఆ అంచుకు అంగుళం దూరంలోనే గుడ్డ ఆపేయాలి. జిగురు నానితే షీట్ ఊడొస్తుంది.

పట్టీలు తెగి ఉంటే మాత్రం నీళ్లతో పని కాదు, మళ్లీ అల్లించాల్సిందే. అడుగున నీటి చుక్క వేస్తే ఇంకకుండా జారిపోతోందా? అయితే అది ప్లాస్టిక్ కావచ్చు, లేదా వార్నిష్ పూసి ఉండొచ్చు. రెండింటికీ ఈ చిట్కా పనిచేయదు.

ఇక రోజువారీ వాడకంలో అల్లికను తెంపేది మన బరువు కాదు, ఆ బరువంతా ఒకేచోట పడటం. బల్బు మార్చడానికి సీటెక్కి నిలబడితే మడమ కింది నాలుగైదు పట్టీల మీదే భారమంతా పడుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, ఎండ పడే కిటికీ పక్కన పట్టీలు ఎండి పెళుసవుతాయి. కూర్చోగానే కిర్రుమనడం కాదు, ‘టిక్’మని చిట్లిన చప్పుడొస్తే కుర్చీ చోటు మార్చేయండి.