నాలుగు వందల మీటర్లు – దమ్ము తక్కువా, లెక్క తప్పా?

వార్షికోత్సవ క్రీడల్లో నాలుగు వందల మీటర్ల పరుగు చూసినవారందరికీ ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. మూడు వందల మీటర్ల దాకా అందరికన్నా ముందున్న కుర్రాడు చివరి వందలో కాళ్ళు బిగుసుకుపోయి, మెడ వెనక్కి వాల్చి, ఒకరి తర్వాత ఒకరికి దారి ఇస్తాడు. గట్టు మీద కూర్చున్న మేము "వీడికి దమ్ము లేదురా" అనేస్తాం. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఈ మాట పడి చాలాకాలం గ్రౌండు వైపే రాలేదు. ఆ మాట అన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. తప్పు వాడి గుండెలో లేదని, మొదటి సగం పరుగెత్తిన తీరులో ఉందని ఇప్పుడు అర్థమైంది కాబట్టి ఇది రాస్తున్నాం.

పదో తరగతి జీవశాస్త్రంలో వాయుసహిత, అవాయు శ్వాసక్రియలు చదివాం. అవి పుస్తకంలో రెండు వేరు పాఠాల్లా కనిపిస్తాయి గానీ పరుగులో రెండూ మొదటి అడుగు నుంచే కలిసి పనిచేస్తాయి. తేడా అంతా ఎవరు ఎంత త్వరగా అందుకుంటారన్నదే. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. క్రియాటిన్ ఫాస్ఫేట్ దాన్ని మళ్ళీ నింపుతుంది గానీ, పూర్తి వేగంతో పరుగెత్తితే పది సెకన్లకల్లా అది కూడా చాలావరకు తరిగిపోతుంది. ఈలోగా గ్లైకోజెన్ ఆక్సిజన్ లేకుండానే విడిపోయి శక్తినిస్తుంది. ఇది వేగంగా ఇస్తుంది, కానీ కండరంలో ఆమ్లత్వం పెంచుతుంది. చివరి వందలో కాళ్ళు మాట వినకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆక్సిజన్ మాత్రం ఆలస్యంగా వచ్చే చుట్టం. గుండె, ఊపిరితిత్తులు, రక్తం జోరందుకోవడానికి కొంత సమయం పడుతుంది. అందుకే ఒక రౌండు పరుగులో దానికి పెద్దగా పని లేదని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలో స్పెన్సర్, గాస్టిన్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన లెక్క వేరుగా ఉంది. నాలుగు వందల మీటర్లను దాదాపు 49 సెకన్లలో పరుగెత్తేవారిలో మొత్తం శక్తిలో 43 శాతం వాయుసహితంగానే వచ్చింది. పరుగు మొదలైన 15 నుంచి 30 సెకన్ల మధ్యలోనే ఆక్సిజన్ వాటా పైచేయి అయింది. అంటే చివరి వంద మీటర్లలో మనల్ని లాక్కెళ్ళేది ఎక్కువగా ఊపిరే. పరుగు సమయం పెరిగేకొద్దీ దాని వాటా ఇంకా పెరుగుతుంది కాబట్టి, నిమిషం పట్టే మనలాంటివారికి అది మరికొంత ఎక్కువే ఉంటుంది.

మరి గొప్పవాళ్ళు ఏం చేస్తారు? మైఖేల్ జాన్సన్ 1999లో సెవిల్‌లో 43.18 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. 2016లో వాన్ నీకెర్క్ బద్దలుకొట్టేదాకా అది నిలిచింది. ఆ పరుగులో జాన్సన్ మొదటి రెండు వందలు 21.22 సెకన్లలో దాటాడు. అతని రెండు వందల మీటర్ల రికార్డు 19.32. అంటే దాదాపు రెండు సెకన్లు కావాలనే వదులుకున్నాడు. అయినా చివరి వంద 11.52 పట్టింది, దానికి ముందు వంద 10.44 మాత్రమే. చివర్లో వేగం తగ్గడం ప్రపంచ విజేతకూ తప్పలేదు. ఎంత తక్కువగా తగ్గనిచ్చాడన్నదే అతని గొప్ప.

మా తమ్ముడు తిరిగి వచ్చాక గడియారం పట్టుకుని చూశాం. విడిగా రెండు వందలు 26 సెకన్లలో పరుగెత్తేవాడు, నాలుగు వందల్లో మొదటి సగం 26.5కే దాటేశాడు. రెండో సగానికి 37.5 పట్టి మొత్తం 64 అయింది. వారం తర్వాత మొదటి సగం 28లో పరుగెత్తమన్నాం. రెండో సగం 32, మొత్తం 60. వారంలో వాడికి కొత్త దమ్మేమీ రాలేదు. అవాయు ఖజానాను మొదట్లోనే ఊడ్చేయకుండా, ఆక్సిజన్ వచ్చేదాకా మిగుల్చుకున్నాడు. అంతే.

అలాగని మొదట్లో నెమ్మదిగా జాగింగ్ చేస్తే గెలుస్తామని కాదు. మరీ వదిలేసిన సెకన్లు తిరిగి రావు. ఒకటి రెండు సెకన్ల తేడా మంచి కొలత అని మా అభిప్రాయం. అలాగే వంద మీటర్ల పరుగులే పదేపదే తీయించే సాధన ఈ పోటీకి చాలదు. ఉదయాన ఇరవై నిమిషాల నిలకడ పరుగు, వారానికోసారి మధ్యలో బాగా విశ్రాంతినిస్తూ మూడు వందల మీటర్ల పరుగులు ఉంటే, ఆక్సిజన్ అందుకునే వేగం పెరుగుతుంది.

వచ్చే ఏడు పోటీలకు ముందు సాధనలో రెండు వందల మీటర్ల గీత దగ్గర ఒకరు గడియారంతో నిలబడండి. ఎవరైనా చివర్లో ఆగిపోతే ముందు ఆ అంకె చూద్దాం. దమ్ము సంగతి తర్వాత మాట్లాడుకుందాం.