వంటింటి మాట: అత్తెసరుకు ఎన్ని నీళ్లు?



తాండూరు నుండి ఒక సహోదరి ఇలా వ్రాశారు: “క్రిస్మస్‌కు బంధువులొస్తే ఆరు గ్లాసుల బియ్యంతో బగారన్నం వండాను. బియ్యం గంటసేపు నానబెట్టి వంపేసి, గ్లాసుకు రెండు చొప్పున పన్నెండు గ్లాసుల నీళ్లు పోశాను. అంతా చిమిడి ముద్దయింది. ఆ భయంతో జనవరి ఒకటో తేదీన నానబెట్టకుండా ఆరు గ్లాసుల నీళ్లే పోశాను. ఈసారి గింజ పలుకుగా మిగిలి తినలేకపోయాం. రోజూ ఇద్దరికి వండేటప్పుడు ఇదే బస్తా బియ్యం, ఇదే లెక్క బాగానే కుదురుతుంది గదా, ఇదేమిటి?”

రోజూ కుదిరే లెక్క పండుగనాడు కుదరకపోవడానికి కారణముంది. మనం పోసే ఎసరులో రెండు భాగాలున్నాయి. ఒక భాగాన్ని గింజ తాగుతుంది, రెండో భాగం ఆవిరై పోతుంది. గింజ తాగేది బియ్యం ఎంత ఉంటే అంత పెరుగుతుంది. ఆవిరి అలా పెరగదు. అది గిన్నె వెడల్పును, మూతను, మంట మీద ఉన్న సమయాన్ని బట్టి ఉంటుంది.

ఒక గ్లాసు పాత బియ్యం మెత్తగా ఉడకడానికి సుమారు గ్లాసున్నర నీళ్లు తాగుతుంది. చిన్న గిన్నెలో ఇంకో అర గ్లాసు ఆవిరవుతుంది. అందుకే గ్లాసుకు రెండు అన్న మాట మన ఇళ్లలో స్థిరపడింది. ఆరు గ్లాసులు వండితే గింజ తాగేది తొమ్మిది గ్లాసులు. ఆవిరి మాత్రం మూడు గ్లాసులు కాదు, మూత సరిగా ఉంటే గ్లాసున్నరకు మించదు. అంటే పది, పదిన్నర చాలు. మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి? గింజలోకే పోయి దాన్ని పగలగొడతాయి.

ఇక నానబెట్టిన సంగతి. బియ్యం నానేటప్పుడు ఊరికే తడవదు, నీళ్లు తాగుతుంది. గ్లాసు బియ్యం అరగంటలో సుమారు పావు గ్లాసు తాగేస్తుంది. తాగవలసింది దాదాపు ఆ అరగంటలోనే తాగుతుంది గనుక గంట, రెండు గంటలు ఉంచినందువల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఎక్కువ నానిన గింజ పెళుసై, గరిటె తగలగానే విరుగుతుంది. విరిగిన చోట నుండి పిండి కారి ఎసరు గంజి అవుతుంది. ఆరు గ్లాసుల బియ్యం తాగిన గ్లాసున్నర నీళ్లు వంపినా పోలేదు, గింజలోనే ఉన్నాయి. మన సహోదరి దాన్ని లెక్కలో తీసివేయలేదు.

మూడో సంగతి, నా దృష్టిలో అన్నిటికంటె పెద్దది, ఆ బస్తా. వానకాలం వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో అవుతాయి. క్రిస్మస్‌కు, సంక్రాంతికి మన ఇంటికి వచ్చేది చాలాసార్లు కొత్త బియ్యమే. గింజ నిలవ ఉండేకొద్దీ దానిలోని మాంసకృత్తులు, కొవ్వు కొంత మారి గట్టిపడుతుంది. అప్పుడు పిండి సులువుగా కారదు, గింజ ఎక్కువ నీళ్లు తాగి పొడవుగా విచ్చుకుంటుంది. కొత్త గింజకు ఆ బిగువు లేదు. గ్లాసుంబావు నీళ్లకే మెత్తబడి, అంతకు మించితే కరిగిపోతుంది. ఇద్దరికి వండే అన్నం కొంచెం మెత్తనైనా పప్పులో కలిసిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. బగారన్నంలో అది దాగదు. 2025 ఏప్రిల్ నుండి మన రాష్ట్రంలో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం ముద్దవుతోందని దాన్ని తప్పుపట్టే ముందు, అది కొత్త పంటదేమో చూసి నీళ్లు తగ్గించి ఒకసారి వండండి.

ఇప్పుడు ఆమె ఆరు గ్లాసులకు లెక్క వేద్దాం. బియ్యం కొత్తది గనుక గింజకు కావలసింది ఏడున్నర గ్లాసులు. ఆవిరికి ఒకటిన్నర. మొత్తం తొమ్మిది. అరగంట నానిన బియ్యంలో అప్పటికే ఒకటిన్నర ఉంది. కనుక పోయవలసింది ఏడున్నర. ఆమె పోసింది పన్నెండు! జనవరి ఒకటిన నానబెట్టలేదు గనుక తొమ్మిదీ పోయాలి. పోసింది ఆరు. గింజ లోపలికి నీళ్లు చేరకముందే గిన్నె అడుగు ఆరిపోయింది. బియ్యంలోని పిండి మెత్తబడాలంటే వేడి ఒక్కటే చాలదు, సుమారు 70 డిగ్రీల వేడిలో నీళ్లు కూడా అందాలి. అందని నడిమి భాగమే పంటికి తగిలే ఆ పలుకు.

అదే బస్తా ఐదారు నెలలకు పాతబడుతుంది. అప్పుడు నానిన ఆరు గ్లాసులకు తొమ్మిది పోయవలసి వస్తుంది. అందుకే కొత్త బస్తా విప్పినప్పుడు ఒక గ్లాసు బియ్యం వండి చూసుకోవడం మంచిది. ప్రెషర్ కుక్కరులో ఆవిరి తక్కువ పోతుంది గనుక ఇంకొంచెం తగ్గించాలి.

అన్నట్టు, వికారాబాదు ఎత్తు మీద ఉంది గనుక అక్కడ అన్నం ఉడకదని కొందరంటారు. ఆ ఎత్తులో నీళ్లు 100కు బదులు 98 డిగ్రీలకు మరుగుతాయి, అంతే. ఒకటి రెండు నిమిషాల తేడా వస్తుందేమో గాని పలుకు మిగలదు. తాండూరు నాపరాతి నేల నీళ్లలో సున్నం ఉంటే కందిపప్పు ఉడకడానికి మొరాయిస్తుంది, నిజమే. అన్నం చెడిపోవడానికి మాత్రం ఆ నీళ్లను నిందించడం న్యాయం కాదు.

నీళ్లు సరిపోయినా మంట చెడగొట్టవచ్చు. ఎసరు తెర్లిన తరువాత బియ్యం వేసి, నీళ్లు బియ్యం మట్టానికి దిగేవరకు పెద్ద మంట ఉండనివ్వండి. అప్పుడు అడుగు నుండి ఒక్కసారి మెల్లగా తిప్పి, మంట పూర్తిగా తగ్గించి, మూత మీద బరువు పెట్టండి. ఇక్కడి నుండి పై గింజను ఉడికించేది ఆవిరే, అది బయటికి పోతే పైన పలుకు, అడుగున మాడు. పది పన్నెండు నిమిషాలకు దించి, మూత తీయకుండా మరో పది నిమిషాలు మగ్గనివ్వండి. గింజ పైపొరలోని తడి లోపలికి సర్దుకునేది ఆ సమయంలోనే.

దించబోయే ముందు ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూడండి. నడుమ తెల్లని చుక్క కనిపించి గిన్నెలో తడి ఉంటే సన్నమంట మీద ఇంకా ఉంచండి. చుక్క ఉండి గిన్నె ఆరిపోయి ఉంటే అర గ్లాసు మరిగిన నీళ్లు అంతటా చిలకరించి మూత పెట్టండి. చన్నీళ్లు పోయవద్దు, ఉడుకు ఆగిపోతుంది. చుక్క లేకుండా నీళ్లు మిగిలి ఉంటే ఆలస్యం చేయక వార్చేయండి. బగారన్నమైతే ఉప్పు, మసాలా కొంత గంజితో పోతాయి, పోనివ్వండి. పూర్తిగా చిమిడిన తరువాత మాత్రం చేయగలిగింది లేదు. వెడల్పాటి పళ్లెంలో ఆరబోస్తే కొంత విడివడుతుంది. మామూలు అన్నమైతే పెరుగు కలిపి తాలింపు పెట్టండి, ఎవరూ అడగరు.