అడుగున రాసిన హెచ్చరిక ఎవరిని ఆపుతుంది?

కంపెనీల ఈమెయిళ్ల అడుగున చిన్నక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. ఇందులోని సమాచారం గోప్యం, మీకు పంపింది కాకపోతే చదవకూడదు, ఎవరికీ చూపకూడదు, వెంటనే తుడిచేయాలి అని దాని సారాంశం. అది ఉంటే కంపెనీకి ఢోకా లేదని, ఎంత పొడుగుంటే అంత భద్రమని ఆఫీసుల్లో గట్టి నమ్మకం. ఈ నమ్మకానికి చట్టంలో ఆధారం బహు కొంచెం.

ఒక సంస్థ అకౌంట్స్ విభాగం నుంచి జీతాల పట్టిక హెచ్ఆర్‌లోని శ్రీనివాస్‌కు వెళ్లాలనుకుందాం. చిరునామా గడిలో నాలుగక్షరాలు కొట్టగానే, ఎప్పుడో స్టేషనరీ సరఫరా చేసిన ఇంకో శ్రీనివాస్ పేరు ముందుకొస్తుంది. చూసుకోకుండా ఎంటర్ నొక్కి పంపేస్తే పట్టిక అతనికి చేరిపోతుంది. అతను ఫైలు తెరిచి, ఎవరి జీతమెంతో చూసి, ఆ తర్వాత మెయిల్ అడుగుకు వస్తే గానీ ‘చదవకూడదు’ అన్న మాట కంటబడదు. చదవడం అయిపోయాక చదవవద్దనడం వల్ల ఒరిగేదేమీ లేదు.

పోనీ, ఆ మాట అతన్ని కట్టేస్తుందా? 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఒకరి ప్రతిపాదనకు ఇంకొకరి అంగీకారం ఉంటేనే ఒప్పందం. తను అడగని ఉత్తరానికి జవాబివ్వనంత మాత్రాన షరతులన్నీ ఒప్పుకున్నట్టు కాదు. 1862లో ఇంగ్లండులో వచ్చిన ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ కేసు ఇలాంటిదే. బదులు రాకపోతే గుర్రం తనదే అనుకుంటానని ఒక పెద్దమనిషి బంధువుల కుర్రాడికి రాశాడు. మౌనం అంగీకారం కాదని కోర్టు తేల్చింది. మెయిల్ అడుగున షరతులు పెట్టడం కూడా ఆ గుర్రం బేరం లాంటిదే.

అలాగని శ్రీనివాస్ ఆ పట్టికను పోటీ సంస్థకు అమ్ముకుంటే చట్టం చూస్తూ ఊరుకోదు. రహస్యమని తెలిసిన, లేదా తెలియవలసిన సమాచారాన్ని అనుమతి లేకుండా వాడుకుంటే కోర్టులు అడ్డుకోగలవు, నష్టపరిహారమూ ఇప్పించగలవు. ఆ బాధ్యత పుట్టేది సమాచార స్వభావం నుంచి, అది చేతికొచ్చిన పరిస్థితుల నుంచి. ‘అతనికి ఇది రహస్యమని తెలుసు’ అని చూపడానికి హెచ్చరిక ఒక చిన్న సాక్ష్యంగా పనికొస్తుంది. దానికున్న అసలు బలం ఇంతే, ఆ కాస్త బలాన్నీ కంపెనీలే చేజేతులా పోగొట్టుకుంటున్నాయి. శుక్రవారం విందుకు రమ్మనే మెయిల్ కిందా, పండగ శుభాకాంక్షల కిందా అదే పేరా వేలాడుతుంటే, అది దేన్నీ ప్రత్యేకించి రహస్యమని చెప్పలేదని ఎదుటి వకీలు సులువుగా వాదిస్తాడు.

అడుగు పేరాలో కొన్నిసార్లు కనిపించే ‘ఈ మెయిల్ ఒప్పందం కాదు’ అన్న వాక్యం సంగతీ చూడాలి. 2007 అక్టోబరులో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య బాక్సైట్ సరఫరా బేరం మెయిళ్ల మీదే సాగింది. పూర్తిస్థాయి పత్రం మీద సంతకాలు కాలేదు. అయినా ముఖ్యమైన షరతులన్నీ ఆ ఉత్తరప్రత్యుత్తరాల్లో కుదిరాయి కాబట్టి ఒప్పందం ఏర్పడినట్టేనని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు చూసేది పైన ఏం ఒప్పుకున్నారనే. సంతకం దాకా కట్టుబడేది లేదనుకునేవారు ఆ మాట బేరం జరుగుతున్న పేరాలోనే రాయాలి.

ఈ హెచ్చరికను తెలుగులోకి మార్చేటప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. ‘మీరు ఉద్దేశించబడిన గ్రహీత కానట్లయితే, దీని పంపిణీ ఖచ్చితంగా నిషేధించబడినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది’ తరహా వాక్యాలు తరచూ కనిపిస్తాయి. హెచ్చరికకున్న ఏకైక పని ఎదుటివాడికి విషయం తెలియజేయడం. అతనికి అర్థం కాని హెచ్చరిక ఆ ఒక్క పనీ చేయదు. పైగా కంపెనీకి నిషేధించే అధికారమెక్కడిది? అది కోరగలదంతే. కాబట్టి అనువాదం ఇలా ఉండాలి: ‘ఈ ఉత్తరం పైన పేరున్న వ్యక్తికి మాత్రమే. పొరపాటున మీకు వస్తే ఎవరికీ పంపకుండా, మాకు తెలియజేసి తీసేయండి.’

‘ప్రివిలేజ్డ్’ అన్న మాట దగ్గర పొరపాటు ఇంకా లోతైనది. దాన్ని ‘ప్రత్యేక హక్కులు గల సమాచారం’ అని రాసేస్తారు. నిజానికది కక్షిదారు తన న్యాయవాదితో వృత్తిపరంగా జరిపిన సంప్రదింపులకు ఉన్న రక్షణ. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్‌గా ఉన్నది, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ అయింది. న్యాయవాది రాసిన ఉత్తరమైతే ‘వకీలుకూ కక్షిదారుకూ మధ్య జరిగిన రహస్య సంప్రదింపు’ అనాలి. సేల్స్ విభాగం పంపే కొటేషన్‌కు ఆ రక్షణే లేదు. అక్కడ ఆ మాటను అనువదించడం కాదు, కొట్టేయాలి.

అడుగున తప్పక ఉంచవలసిన వివరాలు వేరే ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వ్యాపార లేఖల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, గుర్తింపు సంఖ్య, ఫోన్, ఈమెయిల్, వెబ్‌సైటు ఉంటే దాని చిరునామా ఉండాలి. మెయిల్ కూడా వ్యాపార లేఖే అనుకుని ఇవి పెట్టుకోవడం మేలు. పొడుగాటి హెచ్చరిక పెట్టి ఈ నాలుగు వరుసలు మరిచే కంపెనీలు లేకపోలేదు.