చీకటి తెరలోనా, చూపులోనా?

ప్రశ్న: మా అత్తమ్మకు అరవై రెండేళ్లు. షుగరు ఉంది. పగలు సీరియళ్లు బాగానే చూస్తుంది. రాత్రి లైటార్పి అందరం సినిమా చూస్తుంటే మాత్రం, చీకటి సీన్లు వచ్చినప్పుడల్లా "నాకేం కనబడతలేదు, చూపు పోతున్నదేమో" అని భయపడుతోంది. మొన్న 'విరూపాక్ష' సగంలోనే లేచిపోయింది. నిజానికి నాకూ సరిగా కనబడలేదు. మావారు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోదామంటారు. మరిది టీవీదే లోపమంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక గృహిణి, ఏర్గట్ల

జవాబు: ఇద్దరి మాటా నమ్మవలసిందే. కాకపోతే మీ మరిది మాట ముందు తేల్చుకోండి, దానికి పైసా ఖర్చు లేదు. మీక్కూడా సరిగా కనబడలేదని రాశారు చూడండి, నాకు అనుమానం వచ్చింది అక్కడే.

ఇప్పటి టీవీల్లో చాలావాటికి కింది అంచున గదిలోని వెలుతురును కొలిచే చిన్న కన్ను ఉంటుంది. దాన్నే లైట్ సెన్సర్ అంటారు. గదిలో ఎండ పడితే తెర వెలుగు పెంచుతుంది, లైటార్పితే తగ్గిస్తుంది. వార్తలకూ సీరియళ్లకూ ఇది మంచిదే. కరెంటూ ఆదా, కళ్లకూ హాయి. చీకటి సీను సంగతి వేరు. అందులో మనిషికీ గోడకీ తేడా అసలే కొద్ది. తెర వెనక దీపం బాగా తగ్గితే ఆ కొద్ది తేడా కూడా కంటికి అందదు, అంతా నల్లగా కలిసిపోతుంది.

రాత్రి లైటార్పి, అలాంటి సీను దగ్గర సినిమా ఆపండి. సెల్‌ఫోన్ టార్చిని టీవీ కింది అంచుకు దగ్గరగా పట్టి అర నిమిషం ఆగండి. బొమ్మ మెల్లగా వెలుగెక్కితే దోషం సెన్సర్‌ది. ఎక్కకపోతే కరెంటు పొదుపు సెట్టింగు గాని, సీను నల్లబడగానే దీపం తగ్గించే మరో సెట్టింగు గాని పని చేస్తుండవచ్చు. అవీ ఆపి చూడండి. ఇంకొక మాట. టీవీ ముందు బొమ్మో, లేసు గుడ్డ అంచో సెన్సర్‌కు అడ్డం ఉంటే పట్టపగలు కూడా అది చీకటే అనుకుంటుంది.

సెన్సర్‌ను ఆపే చోటు సెట్టింగుల్లో బొమ్మకు సంబంధించిన భాగంలోనో, కరెంటు పొదుపు భాగంలోనో ఉంటుంది. ఆపాక వెనక దీపాన్ని కొద్దిగా పెంచండి. చాలా టీవీల్లో దాని పేరు Backlight. వాటిలో Brightness అన్నది నలుపును మాత్రమే మారుస్తుంది. దాన్ని పెంచితే నలుపు బూడిదరంగు అవుతుంది తప్ప మనిషి స్పష్టంగా కనబడడు. కొన్ని కంపెనీలు మాత్రం వెనక దీపాన్నే Brightness అంటాయి. తెల్ల చొక్కా ఉన్న సీను పెట్టి తిప్పి చూడండి, చొక్కా వెలుగు బాగా మారితే అదే మీకు కావలసింది. గది మొత్తం చీకటి చేయకుండా టీవీ వెనక చిన్న బల్బు వెలిగిస్తే కళ్లు లాగవు. చీకట్లో టీవీ చూస్తే చూపు పోతుందన్న భయం అక్కర్లేదు. రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి, తల నొస్తుంది, అంతే.

ఫోన్‌లో మాత్రం ఈ ఏర్పాటు ఎప్పుడూ ఉంచుకోండి. పసుపు చేనులో ఎండకు అది లేకపోతే తెరే కనబడదు. రాత్రి సినిమా చూసేటప్పుడు మాత్రం ఆపండి. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే పై అంచు దగ్గరుండే సెన్సర్‌ను బొటనవేలు మూస్తుంది, బొమ్మ ఉన్నట్టుండి మసకబారుతుంది.

ఇక మీవారి మాట. అరవై ఏళ్ల వయసులో కంటిపాప చీకట్లో కూడా బాగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల వారితో పోలిస్తే కంటి లోపలి పొరకు చేరే వెలుతురు మూడో వంతే. అందుకే టీవీ సరిచేశాక అందరూ ఒకే సీను చూడండి. మీ అందరికీ కనబడి అత్తగారికి ఒక్కరికే కనబడకపోతే అది టీవీ లోపం కాదు. సందె వేళ గడప తడుముకోవడం, దీపం చుట్టూ వలయాలు కనబడటం ఉంటే శుక్లం కావచ్చు. పరీక్షలో అందరికీ సరిగా కనబడినా సరే, షుగరు ఉంది కనుక కంటి వెనక పొరను ఏడాదికోసారి చూపించవలసిందే. అక్కడ మొదలయ్యే దెబ్బ చాలాకాలం చూపులో తెలియదు. నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలో చూపించవచ్చు. కంటిపాప విచ్చుకోవడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఎండ గుచ్చుతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టండి, తోడుగా ఒకరు వెళ్లండి.