మొదటి బ్యాలెన్స్ షీట్‌గా బ్యాంకుదే చదవండి

జంట బ్యాలెన్స్ షీట్ల సమస్య గురించి 2016-17 ఆర్థిక సర్వే చదివినవాళ్లం మనలో చాలామందిమి. కానీ ఒక్క బ్యాలెన్స్ షీట్ అయినా తెరిచి చూసినవాళ్లు తక్కువ. నా అభిప్రాయంలో మొదట చదవాల్సింది తయారీ కంపెనీది కాదు, బ్యాంకుది. అందులో డిపాజిట్లు బాధ్యతల వైపు, బ్యాంకు ఇచ్చిన రుణాలు ఆస్తుల వైపు ఉంటాయి. మన ఇంటి లెక్కకు ఇది తలకిందులు. ఈ తిరకాసు విడితే మిగతావి తేలికవుతాయి.

బ్యాంకింగ్ నియంత్రణ చట్టం, 1949 మూడో షెడ్యూలులో దీనికి ఒక నమూనా ఉంది. పైన మూలధనం, బాధ్యతలు వస్తాయి. కింద ఆస్తులు వస్తాయి. పై భాగం డబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెబుతుంది, కింది భాగం అదే డబ్బు ఇప్పుడు ఏ రూపంలో ఉందో చెబుతుంది. రెండింటి మొత్తం సమానంగా ఉండటానికి కారణం అంతే.

100 కోట్ల ఊహా బ్యాంకును తీసుకుందాం. పై భాగంలో మూలధనం 1 కోటి, రిజర్వులు 6, డిపాజిట్లు 85, తెచ్చిన రుణాలు 5, ఇతర బాధ్యతలు 3. మొదటి రెండూ కలిపి 7 కోట్లు ఈక్విటీ, అంటే వాటాదారుల సొమ్ము. కింది భాగంలో నగదు, ఆర్‌బీఐ దగ్గర నిల్వ 7, ఇతర బ్యాంకుల్లో ఉన్నది 2, పెట్టుబడులు 25, ఇచ్చిన రుణాలు 62, స్థిరాస్తులు 1, ఇతర ఆస్తులు 3.

ఆస్తుల వరుస చూడండి. చేతిలో ఉన్న నగదు ముందు, భవనాలు దాదాపు చివర. డిపాజిటర్ వచ్చి అడిగితే ఏది ముందు ఇవ్వగలమో స్థూలంగా ఆ క్రమం ఇది. ఇండ్ ఏఎస్ ప్రమాణాలు పాటించే తయారీ కంపెనీ పట్టిక దీనికి ఎదురు. అక్కడ ఆస్తులే ముందు, వాటిలోనూ ప్లాంటు, యంత్రాలు మొదట, నగదు తర్వాత. కాబట్టి ‘ఎడమ వైపు ఇది, కుడి వైపు అది’ అని బట్టీ పట్టడం దండగ. శీర్షికలు చదివి వరుస ఎటు నడుస్తుందో చూసుకోవాలి.

మనం ఎక్కువగా పొరబడేది రిజర్వుల దగ్గర. ‘6 కోట్ల రిజర్వులు ఉన్నాయి, నష్టం వస్తే అందులోంచి తీసి కడతారు’ అనుకుంటాం. అది బీరువాలో విడిగా పెట్టిన డబ్బు కాదు. గతంలో పంచకుండా ఉంచిన లాభాలు వగైరాలకు పెట్టిన పేరు. ఆ డబ్బు కింది భాగంలో ఎప్పుడో రుణాలు, బాండ్లుగా మారిపోయింది.

ఇప్పుడు 5 కోట్ల రుణం మునిగిందనుకుందాం. ఆ ఏడాది వేరే లాభం లేదు. ఆ మేరకు ప్రొవిజన్ చేస్తే రుణాలు 62 నుంచి 57కు తగ్గుతాయి. పైన ఏది తగ్గాలి? డిపాజిటర్‌కు ఇవ్వాల్సింది రూపాయి కూడా తగ్గదు. కాబట్టి రిజర్వులు 6 నుంచి 1కి పడతాయి. మొత్తం ఆస్తుల్లో పోయింది 5 శాతమే, ఈక్విటీ మాత్రం 7 నుంచి 2కు వచ్చింది. మొండి బకాయిలు పెరిగిన బ్యాంకు కొత్త రుణాలకు ఎందుకు వెనకాడుతుందో ఇక్కడ తెలుస్తుంది. ఇచ్చే రుణానికి తగ్గ మూలధనం చూపాలన్న నిబంధన ఉంది మరి.

ప్రభుత్వ బ్యాంకులకు 2017 అక్టోబరులో కేంద్రం 2.11 లక్షల కోట్ల పునర్ మూలధనీకరణ ప్రకటించింది. అందులో 1.35 లక్షల కోట్లు బాండ్ల ద్వారా. మన బ్యాంకుకు అలా 4 కోట్లు వచ్చాయనుకోండి. బ్యాంకు 4 కోట్లతో ప్రభుత్వ బాండ్లు కొంటుంది, ప్రభుత్వం ఆ 4 కోట్లను వాటా మూలధనంగా తిరిగి పెడుతుంది. పెట్టుబడులు 29, మూలధనం 5 అవుతాయి. నగదు మారలేదు, ఈక్విటీ మాత్రం 6కు పెరిగింది. ‘ప్రభుత్వం బ్యాంకులకు నగదు ఇచ్చింది’ అని మెయిన్స్ జవాబులో రాయడం అందుకే పొరపాటు.

ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. ఈ పట్టిక మార్చి 31 అనే ఒక్క రోజు చిత్రం. రుణాల అంకె ప్రొవిజన్లు తీసేశాక మిగిలినది కాబట్టి, చెడినవి ఎన్నో దాన్నిబట్టి తెలియదు. బ్యాంకు ఇచ్చిన గ్యారంటీలు మొత్తంలో కలవవు, 12వ షెడ్యూలులో విడిగా ఉంటాయి. అందుకే మొత్తం అంకెతో మొదలుపెట్టకండి. ముందు ఈక్విటీ, తర్వాత రుణాలు, ఆపై షెడ్యూళ్లు. రుణాల్లో ఎంత మునిగితే ఈక్విటీ సున్నా అవుతుందో లెక్కకట్టండి. మన బ్యాంకుకు మొదట్లో అది 62లో 7.